అమ్మకు రక్తం 6.1, రెటిక్ కౌంట్ 3.2 'ఎక్కువ' అని వచ్చింది. మూలుగ పనిచేస్తున్నట్టా, లేనట్టా?

హసన్‌పర్తి_కట్టమీద

మా అమ్మకు 56. రెండు నెలల సంది ఆయాసం. బాయి కాడికి పోయొచ్చేది కాస్తా ఇప్పుడు ఇంట్ల మూడు మెట్లెక్కితే గోడ పట్టుకొని నిలవడుతుంది. కండ్లు జర పచ్చగయినయి. కామెర్లేనని, పసరు పోయిద్దామని మా పెద్దమ్మ ఒక్కటే పోరు. నేను ఒప్పుకోలే, హన్మకొండల దవాఖానకు తీస్కపోయిన.

కాయితంల ఉన్నది ఉన్నట్టు రాస్తున్న. హిమోగ్లోబిన్ 6.1, పీసీవీ 18, ఎర్రకణాలు 1.6 మిలియన్లు, ఎంసీవీ 112. తెల్లకణాలు 3,100, ప్లేట్‌లెట్లు 88 వేలు. బిలిరుబిన్ 2.6, అండ్ల డైరెక్టు 0.5. ఎల్‌డీహెచ్ 2,900. కూంబ్స్ నెగెటివ్. రెటిక్ కౌంట్ 3.2 శాతం, పక్కన 'హెచ్' అని పెద్దక్షరం, ఉండాల్సింది 0.5 నుంచి 2.5 అంట.

ఒక డాక్టరేమో "రక్తం లోపల్నే పగులుతుంది, రెటిక్ ఎక్కువుంది, బిలిరుబిన్ ఎక్కువుంది, స్టెరాయిడ్ మొదలువెడదాం" అన్నడు. మా మేనమామ తీస్కపోయి చూపెట్టిన ఇంకొకాయన "మూలుగే పనిచేస్తలేదు, తుంటి బొక్కల సూది గుచ్చి మూలుగ తియ్యాలె" అన్నడు. ఒక్కటే కాయితం, ఇద్దరు రెండు తీర్లు. మూలుగ పనిచేస్తుందా లేదా, ఎవరన్న చెప్పుండ్రి.

నర్సంపేట_మిర్చి

ఇది సింపుల్ అన్నా. రెటిక్కులంటే పసికణాలు, మూలుగల నుంచి అప్పుడే బయటికొచ్చినయి. అవి ఎక్కువున్నయంటే మూలుగ జోరుగ పనిచేస్తున్నట్టే. మా అక్క నర్సింగు చదివింది, నేనూ ఆ పుస్తకాలు తిరగేసిన. మొదటి డాక్టరే కరెక్టు. బొక్కల సూది అస్సలు వద్దు.

కాజీపేట_ప్లాట్‌ఫారం2

మూలుగ అనంగనే నల్లి బొక్క గుర్తుకొచ్చింది. పొద్దుగాల పొద్దుగాల ఏం టాపిక్ పెట్టినవే.

వడ్డేపల్లి_మైక్రోస్కోప్

నేను ల్యాబుల 19 ఏండ్ల సంది చేస్తున్న. డాక్టర్‌ను కాదు, మందుల గురించి మాట్లాడ. కని ఆ 'హెచ్' అక్షరం మీద నాకు పాత పగ ఉంది, అది మాత్రం చెప్పాలె.

ఆ 'హెచ్' వేసింది మనిషి కాదు, సాఫ్ట్‌వేరు. 2.5 దాటిందా, హెచ్ వేసెయ్. అది పక్క లైన్ల పీసీవీ 18 ఉందని చూడదు. రెటిక్ అనేది శాతం. వంద ఎర్రకణాలల్ల ఎన్ని పసియి అని. ఎర్రకణాలే మూడోవంతుకు పడిపోయినప్పుడు ఆ శాతం దానంతటదే పెరిగినట్టు కనవడుతది. మిర్చి తమ్ముడు చెప్పింది సగం నిజం.

జమ్మికుంట_పత్తి

అంటే మా ఊరి బడి లెక్క. అందరు హైదరాబాదు పోయిన్రు, మిగిలినోళ్లు ముప్పై మంది. అండ్ల ముగ్గురు కొత్త పిల్లలు చేరితే "పది శాతం కొత్త అడ్మిషన్లు" అని హెడ్‌మాస్టర్ బ్యానర్ కట్టిండు.

వడ్డేపల్లి_మైక్రోస్కోప్

గదే. ఆ బ్యానరే ఈ 'హెచ్'.

లెక్క జేద్దాం. పీసీవీ అంటే రక్తంల ఎర్రకణాల వాటా, మామూలుగ 45 శాతం అనుకుంటరు. అమ్మది 18. 3.2 ని 18 తోటి గుణించి 45 తోటి భాగించుండ్రి, 1.28 వస్తది. అంటే నిండుగ రక్తం ఉన్న మనిషిల 1.28 శాతం ఉన్నంత సరుకే. ఇంకో దారిల కూడ చూడొచ్చు. 1.6 మిలియన్లల్ల 3.2 శాతమంటే ఒక మైక్రోలీటరుకు 51 వేల పసికణాలు. ఆరోగ్యంగున్న మనిషికి కూడ దాదాపు గంతే ఉంటయి. రక్తం 6 కు పడిపోయిన మనిషికి గంతే ఉన్నయంటే ఏమర్థం? ఇల్లు కాలుతుంటే రోజూ లెక్కనే రెండు బిందెలు పోసినట్టు.

హసన్‌పర్తి_కట్టమీద

అన్నా, అంటే ఎక్కువ కాదు, తక్కువనే అంటవా? మరి 'హెచ్' చూసి మా బావ రాత్రంతా గూగుల్ చేసి మూలుగ బ్రహ్మాండంగుందని స్వీట్లు తెచ్చిండు.

అర్ధరాత్రి_క్యాజువాలిటీ

జనరల్ మెడిసిన్ పీజీ చేస్తున్నాను. వడ్డేపల్లి గారి లెక్కలో ఇంకో మెట్టు ఉంది.

పసికణం మూలుగలో మూడు రోజులుండి, రక్తంలోకి వచ్చాక ఒక్క రోజులో పెద్ద కణమైపోతుంది. అందుకే రక్తంలో ఒక రోజు సరుకే కనబడుతుంది. రక్తం బాగా తగ్గినప్పుడు కిడ్నీ నుంచి ఎరిత్రోపోయెటిన్ తన్నుకొస్తుంది, ఎర్రకణాలు తయారుచేయమని మూలుగకు ఆర్డరిచ్చే హార్మోన్ అది. అప్పుడు మూలుగ పండకముందే పసికణాల్ని బయటికి తోసేస్తుంది. అవి రక్తంలో రెండు, రెండున్నర రోజులు పసివిగానే తిరుగుతాయి. నిన్న లెక్కపెట్టిన కణాన్నే ఇవాళ మళ్లీ లెక్కపెడతాం. పీసీవీ 25 దగ్గర ఇంకో 2 తో, 15 దగ్గర 2.5 తో భాగించమనేది ఇందుకే. ఈమెకు కనీసం 2 వేసుకున్నా 1.28 కాస్తా 0.64 అవుతుంది.

మూలుగ గట్టిగా స్పందిస్తే ఆ అంకె 3 దాటుతుంది. 2 లోపుంటే రావాల్సినంత సరుకు రావడం లేదని అర్థం. తిరగేసి చూడండి: కణాలు బయట పగిలిపోతూ మూలుగ బాగుంటే, పీసీవీ 18 దగ్గర కాగితం మీద రెటిక్ 15 శాతం దాకా కనబడాలి. 3.2 కాదు.

జమ్మికుంట_పత్తి

నారు ముచ్చట. కూలీలు దొరకరని ముదరకముందే పీకి నాటితే పొలంల ఎక్కువ రోజులు లేతగనే కనవడతది. చూసినోడు ఇంకా నాట్లు పడుతున్నయి అనుకుంటడు. సమజైంది.

అర్ధరాత్రి_క్యాజువాలిటీ

మా ప్రొఫెసర్‌కంటే బాగా చెప్పారు. వైవాలో వాడుకుంటా.

రామప్ప_నంది

మా తమ్మునికి డెంగ్యూల కూడ గిట్లనే 88 వేలయినయి. బొప్పాయి ఆకు రసం తాగిస్తే నాలుగు రోజులకు లక్షన్నర. మీ అమ్మకు కూడ ట్రై చెయ్యుండ్రి, ఖర్చు లేదు.

కాజీపేట_ప్లాట్‌ఫారం2

నందీ, నువ్వు వేరే బండి ఎక్కినవ్. ఇది ఎర్రకణాల బండి. ప్లేట్‌లెట్ల బండి ఎప్పుడో పోయింది.

బతుకమ్మ_తంగేడు

నా కథ చెప్తా, పనికొస్తదేమో. నాకు నెలసరి ఎక్కువై రక్తం 7.4 కు వచ్చింది. ఐరన్ లోపమని గోలీలు రాసిన్రు. మూడో రోజే మళ్లీ రెటిక్ చేయించుకున్న, తొందర నాకు. ముందు 1.1, మూడో రోజు కూడ 1.1. మూలుగ చచ్చిపోయిందని నాకు నేనే తీర్మానం చేసుకొని గోలీలు బంద్ పెట్టిన. మలబద్ధకం కూడ అయితుండె, మంచిగ సాకు దొరికింది. నెల పోయింది, రక్తం 6.8 అయింది. అప్పుడొక డాక్టరమ్మ తిట్టి మళ్లీ మొదలువెట్టించి తొమ్మిదో రోజు చేయించింది. 5.8 వచ్చింది. అదే మూలుగ, అవే గోలీలు. ఏ రోజు చూసినమన్నదే ఫరకు.

అర్ధరాత్రి_క్యాజువాలిటీ

అవునక్కా. ఐరన్ మొదలుపెట్టాక మూడు నాలుగు రోజుల వరకు పెద్దగా ఏమీ కనబడదు. ఏడు నుంచి పది రోజుల మధ్య పైకి లేస్తుంది. హిమోగ్లోబిన్ పెరగడం ఇంకా ఆలస్యం. అందుకే ముందు రెటిక్ చూస్తాం. మందు పట్టిందా లేదా అన్నది హిమోగ్లోబిన్ కంటే ముందే చెప్పేస్తుంది.

హసన్‌పర్తి గారూ, ఎంసీవీ 112 అంటే ఎర్రకణాలు మామూలుకంటే పెద్దగా ఉన్నాయని. అది చూస్తే నా ధ్యాస బీ12 మీదికి పోతోంది. ఆ టెస్టు చేయించారా? అమ్మగారికి కాళ్లు తిమ్మిర్లు ఉన్నాయా? షుగర్ ఉందా?

హసన్‌పర్తి_కట్టమీద

షుగర్ ఉంది, తొమ్మిదేండ్ల సంది మెట్‌ఫార్మిన్ గోలీ. కాళ్లు మొద్దువారుతున్నయంటది, చెప్పులు జారిపోతే కూడ తెలుస్తలేదంట. షుగర్ వల్లనే అనుకున్నం. మొక్కు మీద ఆరేండ్ల సంది కూర ముట్టదు, గుడ్డు కూడ ముట్టదు. చాయ్ తప్ప పాలు తాగదు.

బీ12 చేయించినం గద. 2000 కంటె ఎక్కువ అని వచ్చింది. అది చూసే ఇద్దరు డాక్టర్లు "బీ12 కాదు" అన్నరు. అందుకే నేను రాయలే.

నర్సంపేట_మిర్చి

అగో. బీ12 నిండుగుంది. అంటే నేను చెప్పినట్టు కణాలు పగలడమే. కణాలు పగిలితే పెరిగే ఎల్‌డీహెచ్ 2,900 ఊకెనే వస్తదా? రెటిక్ తక్కువుందని పగలడం లేదనలేం. మా అక్కను అడిగిన, పగలడం మొదలైన మొదటి నాలుగైదు రోజులు మూలుగ ఇంకా లేవదంట. కొందరిల మూలుగల ఉన్న పసికణాలను కూడ మన ఒంట్లోని యాంటీబాడీలే తినేస్తయంట, అప్పుడు కూడ రెటిక్ తక్కువనే ఉంటదంట.

అర్ధరాత్రి_క్యాజువాలిటీ

అక్కగారు చెప్పింది నిజమే. రెటిక్ తక్కువుందన్న ఒక్క ముక్కతో కణాలు పగలడం లేదని కొట్టేయలేం. కానీ రెండు నెలలుగా మెల్లగా దిగజారిన మనిషి ఈమె, నాలుగు రోజుల కేసు కాదు. ఎర్రకణాలకు యాంటీబాడీలు పట్టాయేమో చూసే కూంబ్స్ టెస్టు కూడా నెగెటివ్. కూంబ్స్ నెగెటివ్‌గా ఉంటూ పగిలేవీ ఉంటాయనుకోండి. నన్ను తికమక పెడుతున్నది ఆ 2000 అంకె.

వడ్డేపల్లి_మైక్రోస్కోప్

నాకు తికమక లేదు, అనుమానం ఉంది. తమ్ముడూ, దవాఖానకు పోకముందు అమ్మ ఎక్కడన్న సూది వేయించుకున్నదా? ఎర్ర సూది? నిజం చెప్పు, తిట్ట.

హసన్‌పర్తి_కట్టమీద

అమ్మను అడిగిన. ఉంది అన్నా. నేను హైదరాబాదుల ఉన్నప్పుడు నీరసమని మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకుందట. "తాకత్ సూది, ఎర్రగుండె, మస్తు మండింది" అంటుంది. ఒకటి కాదు రెండు, సోమవారం, మంగళవారం. రక్తం తీసింది గురువారం. ఎవరూ అడగలే, ఆమె చెప్పలే.

వడ్డేపల్లి_మైక్రోస్కోప్

గంతే. ఎర్ర సూదంటే అండ్ల బీ12 ఉంటది, ఆ రంగే దానిది. సోమవారం ఎక్కిచ్చి గురువారం కొలిస్తే 2000 దాటక ఏమయితది? అది అమ్మ ఒంట్ల ఉన్న నిల్వ కాదు, ఆర్‌ఎంపీ సీసల ఉన్న నిల్వ.

కాజీపేట_ప్లాట్‌ఫారం2

ఆర్‌ఎంపీ తెలియక రోగం పట్టిండు, తెలియక మందేసిండు, తెలియక సాక్ష్యం చెరిపేసిండు. సినిమా తియ్యొచ్చు.

అర్ధరాత్రి_క్యాజువాలిటీ

ఇప్పుడు ముడి విడిపోతోంది. ఇద్దరు డాక్టర్లూ సగం సగం నిజమే చెప్పారు.

బీ12 లేకపోతే కణంలో డీఎన్ఏ సరిగ్గా తయారవదు. మూలుగ సోమరిగా ఏం కూర్చోదు, కిక్కిరిసి ఉంటుంది, పెద్ద పెద్ద కణాలు తయారుచేస్తూనే ఉంటుంది. కానీ అవి బయటికి రాకముందే అక్కడే చచ్చిపోతాయి. చచ్చిన కణాల నుంచే ఆ బిలిరుబిన్, ఆ ఎల్‌డీహెచ్. కళ్లు పచ్చబడింది అందుకు. పగలడం నిజమే, పగిలే చోటే వేరు. రక్తనాళంలో కాదు, మూలుగలోనే.

ఈ తేడా పట్టించేది రెటిక్. అది చెప్పేది మూలుగ ఎంత కష్టపడుతోందని కాదు, గేటు దాటి ఎంత సరుకు వస్తోందని. లోపల ఎంత హడావిడి ఉన్నా గేటు దగ్గర 0.64. బయట పగులుతుంటే గేటు దగ్గర వరదలా ఉండేది.

ఇంకో మాట. బీ12 సూది పడ్డాక మూడు నాలుగు రోజులకు రెటిక్ లేవడం మొదలై, ఐదు నుంచి ఎనిమిది రోజుల మధ్య శిఖరానికి పోతుంది. మీరు రక్తం ఇచ్చింది మూడో రోజు. కాబట్టి ఆ 3.2 కూడా పైకెక్కుతున్న మెట్టు మీది ఫోటో అయ్యుండొచ్చు. సూదికి ముందు ఒకటో, ఒకటిన్నరో ఉండేదేమో. అది ఇక తెలుసుకోలేం.

నర్సంపేట_మిర్చి

సరే, ఒప్పుకుంటున్న. కని అంతా ఊహనే గద. సాక్ష్యమైతే పోయింది. బొక్కల సూది గుచ్చితే తెలుస్తది కదా?

అర్ధరాత్రి_క్యాజువాలిటీ

తమాషా ఏంటంటే, ఇప్పుడు గుచ్చితే అదీ మోసం చేయొచ్చు. సూది పడ్డ ఒకటి రెండు రోజుల్లోనే మూలుగ తన రూపం మార్చుకుంటుంది. మూడు నాలుగు రోజులు దాటాక చూస్తే దాదాపు మామూలుగా కనబడుతుంది.

వడ్డేపల్లి_మైక్రోస్కోప్

సాక్ష్యం మొత్తం పోలే. ఒకటి మిగిలి ఉంటది. న్యూట్రోఫిల్ అని తెల్లకణం ఉంటది. దాని నడిమధ్యల గింజ మామూలుగ మూడు నాలుగు తునకలుగ ఉంటది. బీ12 లేనోళ్లల్ల ఐదు, ఆరు తునకలు. సూది వేసినా అవి రెండు వారాల దాక రక్తంల తిరుగుతయి. గురువారం తీసిన స్లైడ్ ల్యాబుల ఇంకా ఉంటది, పారేయరు. పోయి అడుగు: "పెరిఫెరల్ స్మియర్ మళ్లీ చూసి న్యూట్రోఫిల్ తునకలు లెక్కవెట్టుండ్రి" అని. సిగ్గుపడకు.

ఇంకో సంగతి. ఆ 3.2 ని మరీ నమ్ముకోకుండ్రి. చేతితోటి చేసేది ఎట్లుంటదో చెప్తా. రక్తం, న్యూ మిథిలీన్ బ్లూ రంగు సమానంగ కలిపి పదిహేను నిమిషాలు వెచ్చగ పెడతం. స్లైడ్ గీసి ఆరబెట్టి, నూనె చుక్కేసి వంద పవరు లెన్స్ కింద చూస్తం. ముదిరిన కణం సాదాసీదగ ఉంటది. పసికణంల నీలం దారం ముక్కలు చిక్కుపడ్డట్టు కనవడతయి. వెయ్యి కణాలు లెక్కవెట్టి అండ్ల పసియి 32 ఉంటే 3.2 అని రాస్తం. మళ్లీ ఇంకో వెయ్యి లెక్కవెడితే 25 రావొచ్చు, 40 రావొచ్చు. ఇద్దరు టెక్నీషియన్లయితే చెప్పే పనే లేదు. పైగ బీ12 లేనోళ్ల ఎర్రకణాలల్ల హోవెల్ జాలీ బాడీలని గుండ్రటి చుక్కలుంటయి, కొత్త పిల్లలు వాటిని కూడ పసికణాలల్ల కలిపేస్తరు. భోజనం టైముకు ముందు చేసిన కౌంటు ఎప్పుడూ తక్కువ వస్తది, ఇది మాత్రం ఏ పుస్తకంల రాయరు.

మంచిర్యాల_బొగ్గుబావి

మా మామకు డయాలసిస్. రెటిక్ ఎన్నడు చేసినా ఒకటి లోపే. బీ12 సూదులు, ఐరన్ అన్ని వేసిన్రు, లేవలే. ఇది చదివి ఆయనకు కూడ ఏదో దాచిన సూది ఉందేమో అనిపిస్తుంది. ఎంసీవీ 88.

అర్ధరాత్రి_క్యాజువాలిటీ

అది వేరే కథ అన్నా. ఆయన మూలుగకు సరుకు లేక కాదు, ఆర్డరు లేక. ఆ ఎరిత్రోపోయెటిన్ తయారుచేసే కిడ్నీనే పోయింది కదా. అది సూది రూపంలో వేస్తున్నారా అని డయాలసిస్ దగ్గర అడగండి. వేస్తూ కూడా లేవకపోతే ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ చూపించండి, లోపల ఎక్కడన్నా ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడమనండి.

ఉట్నూరు_ఇప్పపువ్వు

మా అన్న బిడ్డకు సికిల్ సెల్. పిల్లకు రక్తం ఎప్పుడూ 8, రెటిక్ ఎప్పుడూ 12 దాక ఉంటది. మాకు అదే మామూలు. ఒకసారి జ్వరమొచ్చి తగ్గింది, పిల్ల తెల్లబడిపోయింది. రక్తం 4, రెటిక్ 0.3. ఆ రోజు డాక్టరు కాయితం చూసి వెంటనే రక్తమెక్కించిండు. ఏదో వైరస్ మూలుగల పసికణాలు తయారుగాకుండ ఆపిందని, వారం పది రోజులకు అదే లేస్తదని చెప్పిండు. లేచింది కూడ. 12 నుంచి 0.3 కు పడితే భయపడాలని మాకు అప్పుడే తెలిసింది. కాయితం మీద 0.3 పక్కన ఉన్నది మాత్రం చిన్న 'ఎల్' అక్షరమే.

వడ్డేపల్లి_మైక్రోస్కోప్

పార్వో వైరస్ అయ్యుంటది. మీ అన్నకు చెప్పు, పిల్ల మామూలు రెటిక్ ఎంతో ఫైలు మీద పెద్దగ రాసిపెట్టుకొమ్మని. కొత్త డాక్టరుకు అదే దారి చూపెడతది.

హసన్‌పర్తి_కట్టమీద

ల్యాబుకు పోయిన. ముందు గులిగిన్రు గని స్లైడ్ తీసిన్రు. పెథాలజిస్టు మేడమ్ తనే చూసింది. న్యూట్రోఫిల్స్ అయిదు తునకలయి చాన ఉన్నయి, ఒకటి ఏడు తునకలది కూడ చూపెట్టింది నాకు. ఊదా రంగు కందిగింజలు దారంల గుచ్చినట్టున్నయి. ఎర్రకణాలు గుండ్రంగ కాకుండ కోడిగుడ్ల లెక్క. మేడమ్ డాక్టరుకు ఫోన్ చేసి, ఎర్ర సూది సంగతి చెప్పింది. స్టెరాయిడ్ ఆపిన్రు. బీ12 1000 మైక్రోగ్రాములు రోజు విడిచి రోజు సూది, తోడుగ ఫోలిక్ గోలీ. పొటాషియం కూడ చూస్తమన్నరు, ఎందుకో తెలియదు. మూలుగ సూది ఒక వారం ఆగి చూద్దామన్నరు.

అర్ధరాత్రి_క్యాజువాలిటీ

పొటాషియం ఎందుకంటే, మూలుగ ఒక్కసారిగా లేచి కణాలు తయారుచేస్తుంటే రక్తంలో పొటాషియం వాటిలోకి పోయి తగ్గొచ్చు. తీవ్రంగా ఉన్నవాళ్లలో మొదటి వారం చూసుకుంటాం.

ఫోలిక్ ఒక్కటే ఇచ్చి బీ12 మరచిపోతే మాత్రం ప్రమాదం. రెటిక్ లేస్తుంది, రక్తం పెరుగుతుంది, అందరూ సంతోషిస్తారు, కాళ్ల తిమ్మిర్లు మాత్రం ముదిరిపోతాయి. మీకు రెండూ ఇస్తున్నారు కాబట్టి సరే.

రామప్ప_నంది

ఫోలిక్ ఆకుకూరలల్ల ఉంటది. బొప్పాయి ఆకులో కూడ ఉంటదేమో.

కాజీపేట_ప్లాట్‌ఫారం2

నందీ!!

హసన్‌పర్తి_కట్టమీద

మొదటి ఎర్ర సూది పడ్డ తొమ్మిదో రోజు చేయించినం. రెటిక్ 16 శాతం! హిమోగ్లోబిన్ 6.9, పీసీవీ 21, ఎర్రకణాలు 1.9 మిలియన్లు. ఎల్‌డీహెచ్ 1,100 కు పడ్డది. ప్లేట్‌లెట్లు లక్షా అరవై వేలు. మేడమ్ రంగేసిన స్లైడ్ చూపెట్టింది, నీలం దారాల కణాలు ఎక్కడ చూస్తే అక్కడ. నేను లెక్క జేసిన, తప్పుంటే చెప్పుండ్రి: 16 ని 21 తోటి గుణించి 45 తోటి భాగిస్తే 7.5. రెండుతోటి భాగిస్తే 3.7.

అమ్మ అయితే రెండో రోజుకే "కడుపుల ఆకలి పుట్టింది" అన్నది. రక్తం పెరగకముందే గట్లెట్ల?

వడ్డేపల్లి_మైక్రోస్కోప్

లెక్క కరెక్టు. 1.9 మిలియన్లల్ల 16 శాతమంటే మూడు లక్షలు దాటింది, మొన్న 51 వేలు. ఆరింతలు. గేటు తెరుచుకుంది తమ్ముడూ.

ఆకలి ముచ్చట చాన మంది చెప్తరు. ఎందుకో నాకు తెలియదు, డాక్టర్‌ని అడుగు.

నర్సంపేట_మిర్చి

ఒప్పుకున్న, గేటు తెరుచుకుంది. మా అక్క కూడ థ్రెడ్ మొత్తం చదివింది. "2000 చూసినప్పుడు నేను కూడ బీ12 కొట్టేసేదాన్ని" అన్నది.

హసన్‌పర్తి_కట్టమీద

మళ్లీ భయం పట్టుకుంది. పద్దెనిమిదో రోజు రెటిక్ 4.1 కి పడిపోయింది! 16 నుంచి 4 కి. మూలుగ మళ్లీ ఆగిందా? హిమోగ్లోబిన్ అయితే 8.8.

బతుకమ్మ_తంగేడు

హిమోగ్లోబిన్ పెరుగుతుంది గద తమ్ముడూ, నాలెక్క తొందరపడి సూదులు బంద్ పెట్టకు.

అర్ధరాత్రి_క్యాజువాలిటీ

ఆగలేదు. మొన్నటిది వరద, ఇప్పుడు కాలువ. శిఖరం తర్వాత దిగడం మామూలే. రక్తం పెరిగేకొద్దీ కిడ్నీ ఆర్డరు తగ్గిస్తుంది. తొమ్మిది రోజుల్లో దాదాపు 2 గ్రాములు పెరిగిందంటే ఎక్కడా ఆగినట్టు కాదు. ఇక నుంచి రెటిక్ కంటే హిమోగ్లోబిన్, ఎంసీవీ చూడండి. మధ్యలో పెరుగుదల నిలిచిపోతే ఐరన్ చూపించండి. ఇన్ని కణాలు ఒక్కసారే తయారయ్యేసరికి ఉన్న ఐరన్ అయిపోవడం చూస్తుంటాం.

హసన్‌పర్తి_కట్టమీద

మూలుగ సూది అవసరం లేదన్నరు. కని బీ12 ఎందుకు తగ్గిందో ఒకాయన మెట్‌ఫార్మిన్ అంటడు, ఒకామె కూర ముట్టకపోవడం అంటది, మేడమేమో కడుపుల గుంజుకునే శక్తి పోయిందేమో, యాంటీబాడీ టెస్టు చేద్దామంటది. ఆ రిపోర్టు ఇంకా రాలే. వచ్చేదాన్ని బట్టి సూదులు కొన్నాళ్లా, జీవితాంతమా అంట.

జమ్మికుంట_పత్తి

కాళ్ల మొద్దు తగ్గిందా?

హసన్‌పర్తి_కట్టమీద

చేతులయితే తగ్గినయి, కాళ్లు ఇంకా లేదు. నెలలు పట్టొచ్చు, మొత్తం పోకపోవచ్చు కూడ అన్నరు. నిన్న బాయి కాడికి ఒంటరిగ పోయింది, వచ్చేటప్పుడు ఒక చెప్పు తోవల పడిపోయింది. ఇంటికొచ్చినంక చూసుకుంది.